గరిటె కన్నా ముందు చేతులు చూస్తారు

జగిత్యాల దగ్గర ధాబాలో పదేళ్లుగా కూరలు దించుతున్న ఓ వంటమాస్టరును ఊహించుకుందాం. అతని చేతి రుచికి చుట్టుపక్కల మంచి పేరుంది. గల్ఫ్‌లో ఒక రెస్టారెంటుకు ఇండియన్ కర్రీ కుక్ కావాలని తెలిసి, ట్రేడ్ టెస్టు కోసం హైదరాబాద్ వచ్చాడు. మూడు గంటల సమయం, పది ప్లేట్ల కోడికూర, ఆ తర్వాత అరగంట ‘రష్’. ఇదీ అతనికిచ్చిన పని. సంచిలోంచి సొంత మసాలా పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఉల్లిపాయల గంప దగ్గరికి లాక్కుని కత్తి అందుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ పరీక్షకుడు చేతిలోని కాగితం మీద అప్పటికే రెండు గళ్లు కొట్టేశాడు. మొదటిది, చేతులు కడుక్కోకుండా కత్తి పట్టాడు. రెండోది, మణికట్టుకు ఎర్రదారం, దాని పక్కనే వాచీ.

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

వంటవాళ్ల ట్రేడ్ టెస్టుకు ఒకే అచ్చు అంటూ లేదు. ఐటీఐలో ఫుడ్ ప్రొడక్షన్ జనరల్ ట్రేడు ఏడాది చదివినవాళ్లకు అది సర్టిఫికెట్ పరీక్ష. నగరంలోని హోటళ్లలో దాన్నే ‘ఫుడ్ ట్రయల్’ అంటారు. ఒక పూట వండించి చూసి, ఉద్యోగం ఇచ్చేదీ లేనిదీ తేలుస్తారు. గల్ఫ్ ఉద్యోగాలకైతే అక్కడి యజమాని తరఫున వచ్చిన చెఫ్ దగ్గరుండి చూస్తాడు. వంటకాలు మారతాయి, సమయం మారుతుంది. కానీ పరీక్షకుడి కాగితం మీద ఉండే ప్రశ్నలు ఎక్కడైనా ఇంచుమించు ఇవే. ఇతను వండింది తిన్నవాళ్లు ఆరోగ్యంగా ఉంటారా? ఇతను వండితే హోటల్‌కు ఏమైనా మిగులుతుందా? ఒకేసారి పది ఆర్డర్లు వస్తే ఇతను తట్టుకుంటాడా? రుచి కూడా ఉంటుంది గాని, అది ఆ కాగితంలో ఒక గడి మాత్రమే. పదేళ్లుగా రుచి ఒక్కదాన్నే నమ్ముకున్న మాస్టర్లు బోల్తా పడేది ఇక్కడే.

పరీక్షకు ముందే తెలుసుకోవాల్సిన విషయం మరొకటుంది. ట్రేడ్ టెస్టు పాసైనంత మాత్రాన ఉద్యోగం చేతికి వచ్చినట్టు కాదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. అతను తీసుకోదగిన సర్వీసు ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్‌టీ. అంతకు మించి అడిగాడంటే అనుమానించాల్సిందే.

మళ్లీ చేతుల దగ్గరికి వద్దాం. దారం విషయంలో చాలామంది నొచ్చుకుంటారు. అది దేవుడి దగ్గర కట్టించుకున్నది, తియ్యమంటే మనసొప్పదు. పరీక్షకుడి అభ్యంతరం భక్తి మీద కాదు. తడిసిన నూలుదారం ఆరదు. పచ్చి కోడిమాంసం రసం దానికి పడితే సబ్బుతో రుద్దినా పోదు. వాచీ పట్టీ కింద, ఉంగరం కింద జరిగేదీ అదే. చాలా వంటగదుల్లో నున్నటి పెళ్లి ఉంగరం ఒక్కటే అనుమతిస్తారు. గోళ్లు పొట్టిగా ఉండాలి, తలకు టోపీ ఉండాలి, చేతి మీద గాయం ఉంటే నీలం రంగు ప్లాస్టరు వేసి పైన గ్లవుజు తొడగాలి. నీలమే ఎందుకంటే, ఊడి కూరలో పడితే ఇట్టే కనబడుతుంది. ఆ రంగులో ఉండే తిండి దాదాపు లేదు కదా. గాయాన్ని ఇంతగా పట్టించుకోవడానికి కారణం స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా. అది చీముపట్టిన గాయాల్లోనూ ముక్కులోనూ ఉంటుంది. ఆహారంలో చేరి విషం తయారుచేసిందంటే, తర్వాత ఎంత మరగబెట్టినా ఆ విషం చావదు.

చేతులు కడగడమంటే నీళ్ల కింద పెట్టి తీయడం కాదు. సబ్బుతో కనీసం 20 సెకన్లు, వేళ్ల సందులూ బొటనవేళ్లూ గోళ్ల చివర్లూ రుద్దాలి. కాగితపు తువ్వాలుతో తుడుచుకుని, అదే కాగితంతో కుళాయి కట్టాలి. లేకపోతే కుళాయి మీది మురికి మళ్లీ చేతికే వస్తుంది. ఎప్పుడెప్పుడు కడిగాడన్నది కూడా పరీక్షకుడు లెక్క పెడతాడు: పచ్చి మాంసం ముట్టుకున్నాక, చెత్తడబ్బా మూత తీశాక, ముక్కు తుడుచుకున్నాక. ఈమధ్య వీటికి ఫోను కూడా తోడైంది. టైము ఎంతైందో చూద్దామని జేబులోంచి ఫోను తీసి, మళ్లీ కొత్తిమీర తరగడానికి పోయేవాళ్లు ఎందరో! గోడ మీద గడియారం ఉంది, అది చాలు.

తువ్వాలు సంగతి మరీ ముఖ్యం. మన మాస్టర్లకు భుజం మీద గుడ్డ లేనిదే చెయ్యి ఆడదు. దానితోనే చేతులు తుడుస్తారు, చెమట తుడుస్తారు, వేడి గిన్నె దించుతారు, చివరికి ప్లేటు అంచుకు అంటిన గ్రేవీని కూడా దానితోనే తుడిచి పంపిస్తారు. ఒక్క గుడ్డ వంటగదిలోని మురికినంతా ప్లేటు దాకా మోసుకెళ్తుంది. టెస్టులో కనీసం మూడు గుడ్డలు విడిగా పెట్టుకోవాలి: గిన్నెలు దించడానికి పొడిది, బల్ల తుడవడానికి శానిటైజరు నీళ్లలో నానేది, ప్లేటు అంచులకు శుభ్రమైనది. ప్లేటు అంచులకు కాగితమైతే ఇంకా మేలు.

రుచి చూసే పద్ధతి దగ్గర తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. ఎంగిలి అనే పట్టింపు మనకు పుట్టుకతోనే వస్తుంది. అందుకే మన వంటవాళ్లు గరిటెను నోటికి తాకనివ్వరు. గరిటెలోంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకి చూస్తారు. గరిటె ఎంగిలి కాలేదు, నిజమే. కానీ అరచెయ్యి ఎంగిలైంది! ఆ చేతిని గుడ్డకు రాసుకుని, మరుక్షణం ఉప్పుడబ్బాలో పెడతారు. పెద్దవాళ్లు పెట్టిన నియమం వస్తువును కాపాడింది గాని, చేతిని మరిచిపోయింది. పరీక్షకుడికి కావలసింది చాలా మామూలు పద్ధతి. శుభ్రమైన చెంచాలు ఒక గ్లాసులో, వాడినవి వేరే గ్లాసులో ఉంచాలి. గరిటెలోంచి చెంచాలోకి ఒంపుకుని రుచి చూసి, ఆ చెంచాను వాడినవాటిలో పడెయ్యాలి. ప్రతిసారీ కొత్త చెంచానే.

కటింగ్ బోర్డుల రంగులు అడుగుతారు. పచ్చి మాంసానికి ఎరుపు, కూరగాయలకు ఆకుపచ్చ, చేపకు నీలం అనేది ఎక్కువచోట్ల నడిచే పద్ధతి. పసుపురంగు బోర్డును ఒకచోట పచ్చికోడికీ, మరోచోట ఉడికిన మాంసానికీ వాడతారు. అందుకే కొత్త వంటగదిలో అడుగుపెట్టగానే “ఇక్కడ కోడికి ఏ రంగు, సార్?” అని అడగడం తెలివైన పని. అడిగితే తెలియనివాడనుకుంటారని భయపడి ఊరుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ ప్రశ్న వినగానే పరీక్షకుడు ఈ మనిషికి పద్ధతి తెలుసనుకుంటాడు.

కోడిని కడగాలా వద్దా అన్నది మరో తగవు. మన ఇళ్లలో పసుపు వేసి నాలుగు నీళ్లు కడగనిదే కోడి గిన్నెలోకి రాదు. బ్రిటన్, అమెరికా ఆహార భద్రతా సంస్థలు మాత్రం కడగొద్దంటాయి. కుళాయి ధారకు నీళ్లు చిమ్మి, పచ్చి మాంసంలోని బాక్టీరియా చుట్టూ మీటరు దూరంలో ఉన్న గిన్నెల మీదా కూరగాయల మీదా పడుతుందన్నది వాటి వాదన. అదెలాగూ ఉడికితే చస్తుంది కాబట్టి కడిగి సాధించేదేమీ లేదంటాయి. ఇండియన్ వంటగదిలో కడగమనే చెప్తే, మాంసానికి కేటాయించిన సింకులో, ధార సన్నగా వదిలి, పక్కన ఏ వస్తువూ లేకుండా చూసుకుని కడగాలి. తర్వాత ఆ సింకును శానిటైజు చెయ్యాలి.

ఉడికిందో లేదో తేల్చేది థర్మామీటరు. ముక్కలో అన్నిటికన్నా మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చితే 75 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. “రంగు చూస్తే తెలీదా సార్?” అంటాడు మన మాస్టరు. తెలీదు. లేతకోడి ఎముకల్లోని మూలుగ రంగు చుట్టూ ఉన్న మాంసంలోకి దిగుతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన కోడిలో ఇది మరీ ఎక్కువ. అందుకే పూర్తిగా ఉడికిన ముక్క కూడా ఎముక పక్కన ఎర్రగా కనిపించవచ్చు. గల్ఫ్ హోటళ్లలో ఫ్రోజెన్ కోడి వాడకం మామూలే గనుక, “లోపల పచ్చిగా ఉంది” అంటూ ప్లేటు తిరిగొస్తే చూపించడానికి అతని దగ్గర ఒక అంకె ఉండాలి.

వంట నడుస్తుండగానే నోటి ప్రశ్నలు వస్తుంటాయి. “నిన్న రాత్రి బిర్యానీ అన్నం మిగిలి, పొద్దుటి దాకా కౌంటరు మీదే ఉంది. ఏం చేస్తావు?” బాగా వేడిచేసి వాడతానని చెప్తే ఆ గడి కూడా పోయినట్టే. బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంలోనే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చటి అన్నంలో గంటల తరబడి పెరిగి, వేడికి విరగని విషాన్ని తయారుచేస్తాయి. కాబట్టి ఆ అన్నం పారెయ్యాల్సిందే. ఆహారాన్ని వేడిగా ఉంచితే 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీలకు కింద ఉండాలి. ఆ మధ్యదంతా ప్రమాదమే. మిగిలిన గ్రేవీని రెండు గంటల్లో 21 డిగ్రీలకూ, మరో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకూ దించాలన్నది ఎక్కువచోట్ల పాటించే లెక్క. 20 లీటర్ల గ్రేవీని దబరాలోనే మూతపెట్టి వదిలేస్తే నడిమధ్యన పొద్దున దాకా వెచ్చగానే ఉంటుంది. లోతు తక్కువ ట్రేల్లో పలచగా పోసి చల్లార్చాలి. మయోనైజ్ ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించినప్పుడు హైదరాబాద్ షవర్మా బండ్ల దగ్గర ఎంత చర్చ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇక లెక్కలు. గరిటె తిప్పమంటే ఎగిరి గంతేసే మాస్టర్లకు పెన్ను చేతికిస్తే చెమటలు పడతాయి. పోర్షన్ కాస్టింగ్ అంటే ఒక ప్లేటు కూరలో ఎంత రూపాయి ఉందో చెప్పడం. కష్టమైన గణితమేమీ కాదు, గుణకారం భాగహారం వస్తే చాలు. చిక్కు ఎక్కడుందంటే, కొన్న తూకానికీ గిన్నెలో పడ్డ తూకానికీ మధ్య మాయమయ్యే భాగంలో ఉంది.

పది ప్లేట్ల కోడికూరనే లెక్క వేద్దాం. ఇక్కడి ధరలు ఉదాహరణకు తీసుకున్నవి. టెస్టులో ఆ రోజు ధరల కాగితం ఇస్తారు. కిలో చొప్పున రెండు కోళ్లు, స్కిన్‌లెస్, కిలో 220 రూపాయలు. మెడ, రెక్కల కొసలు, కొవ్వు తీసేస్తే ఒక్కోదానికి 900 గ్రాములు మిగులుతుంది. దాన్ని ఒక్కోటి 45 గ్రాముల చొప్పున 20 ముక్కలు కొట్టాలి. రెండు కోళ్లకు 40 ముక్కలు, ప్లేటుకు నాలుగు. అంటే 180 గ్రాములు. మన మాస్టరు ఇక్కడ 1.8 కిలోలను 220తో గుణించి 396 అని రాశాడు. కోడివాడికి ఇచ్చింది మాత్రం 440. చెత్తడబ్బాలోకి పోయిన 200 గ్రాములకు కూడా డబ్బులిచ్చాం కదా! ఆ 44 రూపాయలు ప్లేటుకు నాలుగు రూపాయల నలభై పైసలు. మామూలుగా టెస్టులో పోయే మార్కులు ఈ నాలుగు రూపాయల దగ్గరే.

ఉల్లిపాయలు తరిగినవి 600 గ్రాములు కావాలి. తొక్కా మొదళ్లూ పదోవంతు పోతాయనుకుంటే, కొనాల్సింది 670 గ్రాముల దాకా. కిలో 40 చొప్పున 27 రూపాయలు. టమాటాలకు 12, అల్లం వెల్లుల్లి ముద్దకు 16, నూనె 150 మిల్లీలీటర్లకు 22.50, పెరుగుకు 8.

గ్రేవీ చిక్కదనానికి ధాబాలో అతను గసగసాలు నూరి వేసేవాడు. ఆ మాట అనగానే పరీక్షకుడు పెన్ను ఆపాడు. యూఏఈలోనూ సౌదీలోనూ గసగసాలు నిషిద్ధం. మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన గసగసాల పొట్లం విమానాశ్రయంలో జైలు దాకా తీసుకెళ్లగలదు. బదులుగా జీడిపప్పు 50 గ్రాములు, 45 రూపాయలు. కర్బూజ గింజలు కొంత కలిపితే ఇంకా తగ్గుతుంది. కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి 12. కారం, ధనియాలు, గరంమసాలాకు మాస్టరు ‘అందాజుగా 30’ అని రాశాడు. పరీక్షకుడు ఆ మాట చుట్టూ ఒక సున్న చుట్టాడు. ఏమీ అనలేదు.

అన్నీ కలిపితే 612.50. ప్లేటుకు 61.25. ముడిసరుకు ఖర్చు అమ్మే ధరలో 30 శాతం ఉండాలని ఆ హోటల్ లెక్క అనుకుంటే, 61.25ను 0.30తో భాగించాలి. 204 చిల్లర వస్తుంది, మెనూలో 205 అని వేస్తారు. జీఎస్‌టీ దాని పైన. మిగతా 70 శాతమంతా లాభం కాదు. గ్యాసు, కరెంటు, జీతాలు, అద్దె అందులోంచే పోవాలి.

ఇంత లెక్క కట్టాక దాన్ని నిలబెట్టేది గరిటె. చెయ్యి కాస్త ధారాళమై ప్లేటుకు కొంచెం ఎక్కువ పడిందనుకోండి, పది ప్లేట్ల కూర తొమ్మిదికే అయిపోతుంది. అప్పుడు ప్లేటు ఖర్చు 68 రూపాయలు దాటుతుంది. రోజుకు 60 ప్లేట్లు పోయే హోటల్‌లో అది రోజుకు 400 రూపాయల పైమాట, నెలకు 12,000 పైన. పెళ్లిలో వడ్డించేవాడి ధారాళం మర్యాద కావచ్చు, హోటల్‌లో మాత్రం దాన్ని యజమాని జేబు భరించాలి. అందుకే మంచి వంటగదుల్లో కొలత గరిటెలుంటాయి. ముక్కలను వడ్డించేటప్పుడు తూచరు, ముందే లెక్కపెట్టి ప్లేటుకు నాలుగు చొప్పున పెట్టేస్తారు. అసలు పోర్షన్ తేలేది కటింగ్ బోర్డు మీదే. ముక్కలు చిన్నాపెద్దా కొడితే ఒకడికి నాలుగు తొడ ముక్కలూ, మరొకడికి నాలుగు వీపు ఎముకలూ వెళ్తాయి. పైగా చిన్నవి ఎక్కువ ఉడికి పీచవుతాయి, పెద్దవి లోపల 75 డిగ్రీలకు చేరవు. కాబట్టి ముక్క కొలత అటు లెక్కకూ ఇటు శుభ్రతకూ సంబంధించింది.

చివరి అరగంట రష్. మధ్యాహ్నం ఒంటిగంటకు హోటల్ వంటగది ఎలా ఉంటుందో అలాంటి ఒత్తిడిని కావాలనే పుట్టిస్తారు. పరీక్షకుడు ఆర్డరు చీటీలు చదువుతుంటాడు, వంటవాడు పంపిస్తూ ఉండాలి. మూడు పొయ్యిలు, ఒక నూనె బాండీ. మెనూలో నాలుగే వంటకాలు: వండి పెట్టుకున్న కోడికూర, చికెన్ 65, ఎగ్ ఫ్రైడ్ రైస్, టమాటా పప్పు.

ఇందులో నెగ్గడం ఓడడం చాలావరకు చీటీ రాకముందే తేలిపోతుంది. ఫ్రెంచి వంటగదుల్లో మీజ్ ఆన్ ప్లాస్ అంటారు, ఏది ఎక్కడుండాలో అక్కడ పెట్టుకోవడమన్నమాట. తరిగిన కొత్తిమీర, కరివేపాకు, కొట్టిన గుడ్లు, చల్లార్చిన అన్నం, తాలింపు దినుసులు చేతికందే దూరంలో, వాడే వరుసలో ఉండాలి. పచ్చి 65 ముక్కల గిన్నె మాత్రం అన్నిటికన్నా కింద, విడిగా ఉండాలి. దానిలోంచి ఒక చుక్క కారినా తినడానికి సిద్ధంగా ఉన్న కొత్తిమీర మీద పడకూడదు. పట్టకారులు రెండు కావాలి. పచ్చి ముక్కలు నూనెలో వేసేదానితోనే వేగినవి తీస్తే, వేగిన ముక్కకు పచ్చి రసం మళ్లీ అంటుతుంది. తొందరలో అందరూ చేసే పొరపాటు ఇదే. పరీక్షకుడు కాచుకుని చూసేదీ దీన్నే.

మూడు చీటీలు ఒక్కసారే వచ్చాయి. నాలుగో టేబులుకు రెండు కోడికూర, ఒక పప్పు. ఏడో టేబులుకు ఒక 65, ఒక ఫ్రైడ్ రైస్. పార్సిలుకు రెండు కోడికూర, ఒక 65. కొత్తవాడు మొదటి చీటీ పట్టుకుని మొదలుపెడతాడు, అది పంపాక రెండోదానికి వెళ్తాడు. 65 వేగడానికి ఆరు నిమిషాలు పడితే, ఏడో టేబులుకు ఒకసారి, పార్సిలుకు ఇంకోసారి నూనె దగ్గర నిలబడాలి. మూడూ అయ్యేసరికి పావుగంట దాటుతుంది, ఈలోగా మరో నాలుగు చీటీలు వచ్చిపడతాయి.

అనుభవమున్నవాడు ముందు మూడూ కలిపి పైకి చదువుతాడు. “మొత్తం నాలుగు కోడికూర, రెండు 65, ఒక రైసు, ఒక పప్పు, సార్!” గొంతెత్తి చెప్పడం దర్పం కోసం కాదు. విన్నది సరిగా విన్నాడో లేదో అవతలివాడికి తెలియాలి. తర్వాత ఎక్కువసేపు పట్టేదాన్ని ముందు మొదలుపెడతాడు. 65 రెండు పోర్షన్లు కలిపి నూనెలో వేశాడు. వెంటనే నాలుగు పోర్షన్ల కోడికూర రెండో పొయ్యి మీద పెట్టాడు. రెండో నిమిషంలో పప్పు మూడో పొయ్యి ఎక్కింది. నాలుగో నిమిషానికి కూర కుతకుతలాడింది. నాలుగో టేబులు ప్లేట్లు వెళ్లాయి, మిగిలిన రెండు పోర్షన్లు పార్సిలు డబ్బాల్లోకి. ఖాళీ అయిన పొయ్యి మీద ఫ్రైడ్ రైసుకు గుడ్లు పడ్డాయి. ఆరో నిమిషంలో 65 నూనెలోంచి లేచి కరివేపాకు, పచ్చిమిర్చితో ఒకసారి ఎగిరింది. ఏడో నిమిషానికి ఏడో టేబులూ పార్సిలూ రెండూ కౌంటరు దాటాయి.

ఎంత తొందరైనా మితి దాటకూడని చోట్లున్నాయి. నూనె బాండీలో రెండు పోర్షన్లకు బదులు నాలుగు కుమ్మరిస్తే నూనె వేడి ఒక్కసారి పడిపోతుంది. ముక్క కరకరలాడదు, నూనె పీల్చుకుని మెత్తబడుతుంది. వేయించడానికి ఎక్కువసేపు కూడా పడుతుంది. ఫ్రైడ్ రైసు కూడా అంతే. బాండీ నిండా అన్నం పోస్తే అది వేగదు, ఆవిరికి ముద్దవుతుంది. అదే పనిగా కాచిన నూనె గురించి కూడా అడుగుతారు. నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. మీటరు లేనిచోట నురగ తగ్గకపోవడం, జిగురుగా చిక్కబడటం, మామూలు వేడికే పొగ రావడం అనే గుర్తులు చూసి మార్చేయాలి.

పదిహేనో నిమిషం దాటాక పరీక్షకుడు ఒక వంకర చీటీ చదివాడు. “కోడికూర ఒకటి, జీడిపప్పు వద్దు. అలర్జీ.”

మాస్టరు ఒక్క క్షణం ఆగాడు. కూరలో జీడిపప్పు ముద్ద ఎప్పుడో కలిసిపోయింది. పైనుంచి ఏరి తీసేసే వస్తువు కాదు. ఇక్కడ చాలామంది ‘సరే సార్’ అనేసి, అదే కూరను ప్లేటులో పెట్టి పంపుతారు. టెస్టు అక్కడితో ముగుస్తుంది. అలర్జీ ఉన్నవాడికి గింజల ముద్ద కొద్దిగా తగిలినా ఊపిరి ఆడకపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మన మాస్టరు మాత్రం తల ఎత్తి, “ఆ కూరలో జీడిపప్పు ఉంది సార్, ఇవ్వలేను. పప్పు ఇవ్వగలను, వేరే గిన్నెలో వేడిచేసి, కడిగిన గరిటెతో” అన్నాడు. అనడమే కాదు, చేతులు కడుక్కుని కొత్త గరిటె తీశాడు. పొద్దున్నించీ అతని కాగితంలో కొట్టివేతలే పడుతున్నాయి, ఈసారి టిక్కు పడింది.

రష్ ముగిసేసరికి కౌంటరు మీద ఎంగిలి గిన్నెల కొండ లేకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది. చీటీకీ చీటీకీ మధ్య దొరికిన అర నిమిషంలో బల్ల తుడవడం, వాడిన బాండీ సింకులో వెయ్యడం చేసినవాడికి చివర్లో చోటుంటుంది. చెయ్యనివాడు ఇరవయ్యో నిమిషానికి ప్లేటు పెట్టడానికి జాగా లేక, పచ్చి ముక్కల గిన్నె పక్కనే వేడి ప్లేటు పెట్టేస్తాడు. తప్పిపోయిన చీటీని దాచుకోవడం మరో ఘోరం. “అయిదో టేబులు రైసు మర్చిపోయాను, మూడు నిమిషాలు” అని చెప్తే సర్వరు అతిథికి ఏదో ఒకటి చెప్పుకుంటాడు.

స్టవ్‌లు కట్టి, గ్యాసు వాల్వు మూశాక పరీక్షకుడు ముందు చెత్తడబ్బా మూత తీశాడు. ఉల్లిపాయ తొక్కలతో పాటు రెండు పొరలు కండ కూడా పోయింది, అంటే లెక్కలో వేసుకున్న పదోవంతు తరుగు సరిపోలేదు. తర్వాత మిగిలిన కూర ట్రే మీద వంటకం పేరు, తేదీ, టైము రాసిన చీటీ ఉందో లేదో చూశాడు. ఉంది. చివరికి శుభ్రమైన చెంచా తీసి రుచి చూశాడు. మరో చెంచాతో ఇంకోసారి చూశాడు.

“బాగుంది మాస్టర్. రేపు నువ్వు సెలవు పెడితే, ఇదే కూర ఇంకొకడు వండాలి. ఎట్లా?”

మాస్టరు ఖర్చు కార్డు తిప్పి చూపించాడు. కోడి 1.8 కిలోలు, ఉల్లి 600 గ్రాములు, జీడిపప్పు 50 గ్రాములు. వరసగా అన్నీ గ్రాముల్లో రాసి ఉన్నాయి. మసాలా పొట్లం ఎదురుగా మాత్రం ‘తగినంత’ అని ఉంది.